దుబాయ్‌లో ఎక్కువ వచ్చిన 2,100 దిర్హాములు

దుబాయ్‌లో బిల్డింగ్ మెటీరియల్స్ అమ్మే కంపెనీలో వసూళ్ల లెక్కలు చూస్తుంటాను. ఈమధ్య ఒక కస్టమర్ నుంచి బ్యాంకులో 21,000 దిర్హాములు పడ్డాయి. మా ఇన్‌వాయిస్ 18,000, దాని మీద 5 శాతం వ్యాట్ 900, మొత్తం 18,900. మిగతా 2,100 ఎందుకు వచ్చాయో వాళ్ల పర్చేజ్ ఆర్డర్ తీస్తే అర్థమైంది. తర్వాత మేం ఇచ్చిన డిస్కౌంట్‌ను వాళ్ల అకౌంటెంట్ చూడలేదు, ఆర్డర్‌లోని పాత రేటు ప్రకారమే కట్టేశారు.

మా పుస్తకాల్లో బ్యాంకు ఖాతాకు 21,000 డెబిట్ చేశాను, అంటే వచ్చినట్టు రాశాను. ఇన్‌వాయిస్‌కు 18,900 సర్దాను. మిగిలిన 2,100ను అదే కస్టమర్ ఖాతాలో అన్‌అప్లైడ్ క్యాష్‌గా, అంటే ఇంకా ఏ బిల్లుకూ సర్దని డబ్బుగా, క్రెడిట్‌లో ఉంచాను. అది మన ఆదాయం కాదు, వాళ్లకు మనం బాకీ. కొందరు లెక్క తేలని మొత్తాలు ఉంచే సస్పెన్స్ ఖాతాలో పడేస్తారు, అది నాకు నచ్చదు. అలా చేస్తే కస్టమర్‌కు పంపే స్టేట్‌మెంట్‌లో ఆ డబ్బు కనిపించదు, వాళ్లు అడిగేదాకా ఎవరికీ గుర్తూ రాదు.

ఇక తిరిగి ఇవ్వాలా, వచ్చే బిల్లులో సర్దాలా? మన ఊళ్లలో అయితే "ఖాతాలో ఉండనివ్వండి, వచ్చే సరుకులో చూసుకుందాం" అంటే సరిపోతుంది. షాపు యజమానీ అక్కడే ఉంటాడు, కొనేవాడూ అక్కడే ఉంటాడు. ఇక్కడ ఫోన్‌లో సరేనన్న అకౌంటెంట్ వచ్చే నెలకు వీసా క్యాన్సిల్ చేసుకుని ఇంటికి వెళ్లిపోవచ్చు. కొత్తగా వచ్చినవారికి ఆ మాట తెలియదు, బిల్లు మొత్తం కట్టేస్తారు. మళ్లీ అదే తేడా మిగులుతుంది. అందుకే ఏదైనా ఈమెయిల్‌లో రాసి ఇమ్మంటాను.

నేను ముందు చూసేది వాళ్ల పేరు మీద వేరే బిల్లు బాకీ ఉందా అని. ఉంటే సర్దడమే తేలిక, ఆ బిల్లు వ్యాట్ ఎలాగూ లెక్కలోకి వచ్చేసి ఉంటుంది. బిల్లు ఇంకా లేకుండా "తర్వాతి ఆర్డర్‌కు ఉంచుకోండి" అంటే మాత్రం అది అడ్వాన్సు అవుతుంది. అప్పుడు 2,100లో 100 వ్యాట్‌గా చూపాలి. ప్రాజెక్టు అయిపోయి ఇక కొనుగోళ్లు లేవంటే రిఫండే న్యాయం.

రిఫండ్ విషయంలో నేను రాజీపడను. డబ్బు ఏ ఖాతా నుంచి వచ్చిందో ఆ ఖాతాకే పంపాలి. చెక్కు రూపంలో వస్తే అది క్లియర్ అయ్యేదాకా ఆగాలి. కావాలనే ఎక్కువ మొత్తానికి చెక్కు ఇచ్చి, తేడాను వేరే ఖాతాకు త్వరగా పంపమని ఒత్తిడి చేసే మోసాలున్నాయి. డబ్బు వెళ్లాక చెక్కు బౌన్స్ అవుతుంది.

ఈ కస్టమర్‌కు 12,600 బిల్లు అప్పటికే బాకీ ఉంది. సర్దమని వాళ్ల ఫైనాన్స్ మేనేజర్ రాసిచ్చారు. 2,100 సర్ది, మిగిలింది 10,500 అని స్టేట్‌మెంట్ పంపాను. సరిగ్గా అంతే కట్టారు.