రిక్వైర్డ్ రన్ రేట్ బిట్: జవాబును బంతుల్లో సరిచూసుకునే పద్ధతి

సగటు చాప్టర్‌లో వచ్చే క్రికెట్ బిట్లలో లెక్క చిన్నదే, కానీ తప్పు జవాబు కూడా ఆప్షన్లలో ఉంటుంది. అందుకే ‘నా జవాబు ఆప్షన్లలో ఉంది కదా’ అని టిక్ పెట్టేయడం ఇక్కడ పనికిరాదు. మిగిలిన బంతులు, కావాల్సిన పరుగులు మళ్లీ లెక్కేసుకుంటే తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. ఒక లెక్క తీసుకుని చూద్దాం.

మొదటి జట్టు 50 ఓవర్లలో 273 పరుగులు చేసింది. రెండో జట్టు 32.4 ఓవర్లలో 169 చేసింది. గెలవాలంటే రిక్వైర్డ్ రన్ రేట్ ఎంత? ఆప్షన్లు: 5.97, 6.00, 6.06, 6.10.

ముందు పరుగులు. గెలవాలంటే 274 కావాలి, 273 దగ్గర ఆగితే స్కోర్లు సమం అవుతాయంతే. 274 - 169 = 105. ఇక బంతులు. 32.4 అంటే 32 ఓవర్లు, 4 బంతులు. 32 × 6 = 192, దానికి 4 కలిపితే 196. మొత్తం 300లో 196 పోతే 104 బంతులు మిగిలాయి. అంటే 105 × 6 ÷ 104 = 6.06.

మిగతా మూడు ఆప్షన్లు ఎక్కణ్నుంచి వచ్చాయో చూడండి. 50లోంచి 32.4ని మామూలు దశాంశంలా తీసేస్తే 17.6 వస్తుంది, 105ని దాంతో భాగిస్తే 5.97. టార్గెట్‌కి 1 కలపడం మర్చిపోతే 104 బంతుల్లో 104 పరుగులు, అంటే 6.00. మూడోది కాస్త మాయ చేస్తుంది. 17 ఓవర్ల 2 బంతులు మిగిలాయని సరిగ్గానే తేల్చి, దాన్ని 17.2 అని రాసుకుని, 105ని ఆ 17.2తోనే భాగిస్తే 6.10 వస్తుంది. 2 బంతులంటే ఓవర్లో మూడో వంతు. కాబట్టి భాగించాల్సింది 17.33తో.

సరిచూసేటప్పుడు రఫ్ షీట్‌లో ఉన్న 17.2నో, 104నో మళ్లీ వాడకండి. అక్కడే పొరపాటు జరిగి ఉంటే అదే మళ్లీ వస్తుంది. ప్రశ్నలోని 273, 169, 32.4 దగ్గర్నుంచి మొదలుపెట్టండి. పరుగులు 105, బంతులు 104 అని పక్కపక్కన రాయగానే సగం పని అయిపోతుంది: బంతుల కంటే పరుగులు ఒకటి ఎక్కువ, కాబట్టి రేటు 6 కంటే కొంచెమే ఎక్కువ ఉండాలి. 5.97, 6.00 రెండూ భాగహారం లేకుండానే పోయాయి.

ఇక 6.06, 6.10. ఇక్కడ జవాబును వెనక్కి గుణించండి. 17 ఓవర్లకు 6.10 చొప్పున 103.7, మిగిలిన 2 బంతులకు సుమారు 2.03, మొత్తం 105.73. కావాల్సింది 105, కాబట్టి ఇది కాదు. 6.06తో అయితే 103.02, 2.02 కలిపి 105.04 వస్తుంది. ఆ 0.04 తేడా రెండు స్థానాలకు సవరించడం వల్ల వచ్చిందే.

ఓవర్ల తీసివేతకు ఒక చిన్న గుర్తు. చుక్క తర్వాత 6 నుంచి 9 వరకు ఏ అంకె వచ్చినా అది ఓవర్ల లెక్క కాదు, ఎందుకంటే ఆరో బంతితో ఓవర్ పూర్తవుతుంది. 17.6 చూడగానే అనుమానం రావాలి. కానీ ఈ గుర్తు ఒక్కటే సరిపోదు. 50 - 32.5 = 17.5 అని రాస్తే పైకి సరిగ్గానే కనిపిస్తుంది, నిజానికి మిగిలింది 17 ఓవర్ల 1 బంతి. ఆడిన బంతి అంకె, మిగిలిన బంతి అంకె కలిపితే 6 రావాలి. 5కి 1, 4కి 2. 5కి 5 వచ్చిందంటే పదిలోంచి తీసేశారన్నమాట.

ప్రశ్న చదవడంలో జరిగే పొరపాట్లను మాత్రం ఏ గుణకారమూ పట్టదు. ‘టార్గెట్ 274’ అని ప్రశ్నలోనే ఇస్తే మళ్లీ 1 కలపకూడదు. మొదటి జట్టు 46.2 ఓవర్లకే ఆలౌట్ అయినా రెండో జట్టుకు పూర్తి 300 బంతులుంటాయి. వర్షం వల్ల మ్యాచ్‌ని 43 ఓవర్లకు కుదిస్తే మాత్రం 258తో మొదలుపెట్టాలి.

ఇదే లెక్కకు కొనసాగింపుగా ‘తర్వాతి బంతి వైడ్, ఒక పరుగు వచ్చింది’ అని అడగొచ్చు. అప్పుడు పరుగులు 104కి తగ్గుతాయి, బంతులు 104గానే ఉంటాయి, రేటు సరిగ్గా 6.00. అదే డాట్ బాల్ అయితే 103 బంతుల్లో 105 కావాలి, అంటే 6.12.