పరీక్షకు ముందు గంట: కరెంట్ అఫైర్స్ కార్డుల్లో నేను చేసిన తప్పు, మార్చుకున్న తీరు

ఫ్రెండ్స్, అంతరిక్షంలో రెండు ఉపగ్రహాలను కలిపే, అంటే డాకింగ్ చేసే, ఇస్రో స్పేడెక్స్ మిషన్ రాకెట్ వెళ్ళడాన్ని నెల్లూరులో మా రూమ్ మేడ మీద నిలబడి కళ్ళారా చూశాను. 2024 డిసెంబర్ 30, రాత్రి పది గంటలు. అయినా తర్వాత రాసిన మాక్ టెస్టులో "డాకింగ్ ఎప్పుడు జరిగింది?" అంటే డిసెంబర్ 30 అనే పెట్టి వచ్చాను. డాకింగ్ జరిగింది 2025 జనవరి 16న.

తప్పు నా కార్డులోనే ఉంది. అప్పట్లో నెలవారీగా రాసేవాణ్ని. డిసెంబర్ కార్డులో ప్రయోగం, జనవరి కార్డులో డాకింగ్. రెండూ పక్కపక్కన ఎప్పుడూ కనబడలేదు. అందుకే థీమ్‌వారీగా తిరగరాశాను. అంతరిక్షం కార్డులో ఇప్పుడు ఒక్కో మిషన్‌కు రెండు తేదీలు ఉంటాయి: బయల్దేరింది, లక్ష్యం చేరుకుంది. చంద్రయాన్-3 అయితే 2023 జులై 14, ఆగస్టు 23. ఆదిత్య-ఎల్1 అయితే 2023 సెప్టెంబర్ 2, 2024 జనవరి 6. ఒకే తేదీ రాసి ఉంటే ఆ కార్డు సగమే అయినట్టు.

ప్రాముఖ్యత రాసే లైనుతోనే ఎక్కువ తిప్పలు పడ్డాను. మొదట చంద్రయాన్-3 పక్కన "భారత్‌కు గొప్ప విజయం" అని రాసుకున్నాను. పేరు, తేదీ వేలితో మూసి ఆ లైను చదివితే అది క్రికెట్ కప్పుకీ సరిపోతుంది! మూసి చదివినా ఏ మిషనో తెలిసేదాకా మార్చాను: "దక్షిణ ధ్రువం దగ్గర దిగిన మొదటి దేశం, చంద్రుడిపై సాఫ్ట్ ల్యాండింగ్‌లో నాలుగోది." ఇక్కడే ఇంకో చిక్కు ఉంది. అంతరిక్షంలో డాకింగ్ చేసిన దేశాల్లోనూ మనం నాలుగోవాళ్ళమే. స్టేట్‌మెంట్ ప్రశ్నల్లో "మొదటి"ని, "నాలుగో"ని తారుమారు చేసి ఇస్తే బుర్ర తిరుగుతుంది. కాబట్టి రెండు "నాలుగో"లనూ ఒకదాని కింద ఒకటి రాసి, ఎర్ర పెన్నుతో కలిపాను. కలగాపులగం అయ్యేవాటిని విడదీయడం కంటే ఎదురెదురుగా పెట్టడమే నాకు పనిచేసింది.

శ్రీహరికోట పక్కన కూడా ఎర్ర గీత ఉంది. 2022 ఏప్రిల్ 4న కొత్త జిల్లాలు వచ్చాక అది తిరుపతి జిల్లా. మా నెల్లూరోళ్ళకు అలవాటుగా చెయ్యి నెల్లూరు మీదకే పోతుంది.

సెంటర్ ఒంగోలులో పడింది. కార్డులు తొమ్మిదే, ఒక్కోదానిలో ఐదారు లైన్లు. బస్సులో ముట్టుకోలేదు, కుదుపులకు చదివింది ఎక్కదు. సెంటర్ బయట వేపచెట్టు కింద కూర్చుని, వెనక వైపు చూడకుండా తేదీలు చెప్పుకున్నాను. చెప్పలేకపోయినవి మాత్రమే తిప్పి చూశాను. అలా రెండో రౌండుకు మూడు కార్డులు మిగిలాయి. పక్కన కూర్చున్న అబ్బాయి "అన్నా, నిన్నటి అవార్డులు చదివావా?" అన్నాడు. చదవలేదు. రెండు రోజుల ముందే కొత్తవి రాయడం ఆపేశాను. ఒక్కసారి కూడా చదవని విషయం ఆ గంటలో కార్డు మీద చూస్తే టెన్షన్ తప్ప ఇంకేం రాదు.