సంతకం దగ్గర ఆగిపోయిన మీటింగ్ నోట్స్: నా అనుభవం

మొత్తానికి ఆ కాగితం ఫైల్లోకి వెళ్లింది. హెచ్ఆర్ మీద మంట ఇంకా చల్లారలేదు, అందుకే ఇప్పుడే రాసేస్తున్నా.

మాది బెంగళూరు పీణ్యాలో మెషీన్ విడిభాగాలు చేసే ఫ్యాక్టరీ. స్టోర్స్ ఇన్‌చార్జిది హిందూపురం వైపు, 21 ఏళ్ల సర్వీసు. చార్టులో నా కిందే ఉన్నా, నేను ఆయన్ని అన్నా అనే పిలుస్తాను. గొడవంతా జీఆర్ఎన్ గురించి. అంటే సరుకు అందినట్టు సిస్టంలో వేసే ఎంట్రీ. మంగళవారం 6205 బేరింగులు నలభై గేటు లోపలికి వచ్చాయి, ఎంట్రీ శనివారం పడింది. ఈలోగా స్టాకు సున్నా చూపిస్తోందని పర్చేజ్ వాళ్లు ఇంకో నలభై ఆర్డరు పెట్టేశారు. అకౌంట్స్‌ది ఇంకో బాధ. 2006 ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం చిన్న సప్లయర్లకు ఒప్పందం రాసుకున్నా 45 రోజులు దాటకుండా డబ్బు కట్టాలి. సరుకు అందిన 15 రోజుల్లో రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, ఆ లెక్క సరుకు అందిన రోజు నుంచే. మనం ఎంట్రీ ఎప్పుడు వేసుకున్నామో దానికి పట్టదు.

మీటింగ్ గది దొరికింది, మాట్లాడుకున్నాం. గొంతులు లేచాయి, మధ్యలో టీకి ఆగాం, మళ్లీ కూర్చున్నాం. నోట్స్‌లో దీన్ని "కాసేపు ఆపి తిరిగి కొనసాగించాం" అని మాత్రమే రాశాను. ఎవరు అరిచారు, ఎవరు బల్ల చరిచారు అన్నది పనికి సంబంధించింది కాదు. ఇంట్లో ఆరోగ్య సమస్య గురించి ఆయన చెప్పిందీ రాయలేదు. "గురువారాలు అయిదున్నరకు బయల్దేరతారు, ఒప్పుకున్నాం" అంటే చాలు. కారణం ఫైల్లోకి ఎక్కితే ఎవరెవరి కంట పడుతుందో మన చేతుల్లో ఉండదు.

ఆ సాయంత్రమే రాసి పెట్టుకున్నాను. రాత్రి గడిస్తే మన మాటలు మెత్తబడతాయి, ఎదుటివాళ్ల మాటలు గట్టిపడతాయి. మూడు భాగాలు పెట్టాను: నేను చెప్పింది, ఆయన చెప్పింది, ఇద్దరం ఒప్పుకున్న పనులు. నేను చెప్పిన చోట "నిర్లక్ష్యం" లాంటి మాట లేదు. "గత నెలలో 11 లాట్ల ఎంట్రీ, గేటు రిజిస్టరు తేదీ తర్వాత మూడు రోజులు దాటాక పడింది" అని ఉంది, కింద లాట్ల నంబర్లు ఉన్నాయి. ఆయన భాగంలో ఆయన వాడిన మాటలే పెట్టాను: "నాలుగు దాటితే హెల్పర్‌ను డిస్పాచ్‌కు లాక్కుపోతారు. ఐటమ్ కోడే లేని సరుకుకు నేనేం ఎంట్రీ వేయాలి?"

ఇంతవరకూ సాఫీగానే సాగింది. హెచ్ఆర్ దగ్గర బండి ఆగిపోయింది.

వాళ్లకో నమూనా ఉంది, మొత్తం ఇంగ్లీషులో. అందులో "మెరుగుపడాల్సిన అంశాలు" అని ఒక గడి, అడుగున "చదివి అంగీకరించాను" అని సంతకం గీత. నా నోట్స్ తిప్పి పంపి, "పని పట్ల వైఖరి మార్చుకుంటానని ఒప్పుకున్నారు" అని చేర్చమన్నారు. ఆయన ఒప్పుకోలేదే? అసలు ఆ మాటే రాలేదే? ఫోన్ చేస్తే, "రేపు చర్య తీసుకోవాల్సి వస్తే ఆధారం కావాలి కదా సార్" అని, నలుగురి ముందు స్పీకర్‌లో పెట్టి నాకు పాఠం చెప్పారు. ఫ్లోరు మీద ఒక్కరోజు నిలబడని మనిషి.

ఆ నమూనా కాపీ నా కంటే ముందే అన్నకు చేర్చారు. సంతకం గీత చూడగానే ఆయన ముఖం మాడిపోయింది. "ఇన్నేళ్లలో ఒక్క మెమో లేదు నాకు. ఇదేం మెమో?" అన్నారు. ఫ్యాక్టరీలో మనిషికి కాగితం చేతికిచ్చి సంతకం పెట్టమంటే మెమో అనే అర్థం. ఆయన తప్పేం లేదు.

హెచ్ఆర్‌కు నేనిచ్చిన జవాబు ఇది. హెచ్చరించాలనుకుంటే మెమో వేరే ఇవ్వండి, సంజాయిషీకి గడువివ్వండి, దానికో దారి ఉంది. ఈ నోట్స్ పనులు గుర్తుంచుకోవడానికి. రెండూ ఒకే కాగితంలో కలిపితే ఈసారి నుంచి ఎవరూ నోరు విప్పరు. పైగా రేపు నిజంగా విచారణే జరిగినా "వైఖరి" అన్న మాట నిలబడదు. ఏ పని, ఏ తేదీన జరగలేదు అనే అడుగుతారు.

చివరికి మూడు మార్పులతో ఒప్పించాను. పైన "ఇది క్రమశిక్షణ చర్య కాదు" అని ఒక వాక్యం. సంతకం బదులు "కాపీ అందింది" అని తేదీ. అడుగున అర పేజీ ఖాళీ: "ఇందులో తప్పుంటే శుక్రవారం సాయంత్రం అయిదులోగా రాయండి, మీ మాట మార్చకుండా ఇక్కడే చేరుస్తాను." కాపీ తెలుగులో ఇచ్చాను. ఇంగ్లీషుది హెచ్ఆర్ ఫైలుకు పోయింది, తేడా వస్తే తెలుగుదే లెక్క అని రెండింటిలోనూ రాశాను. ఎవరితో ఒప్పందమో వాళ్లు చదవలేని భాషలో రాసుకుని ఏం ప్రయోజనం?

అసలు సంగతి ఆ ఖాళీ జాగాలోనే బయటపడింది. ఆయన రాసింది ఇది: "11లో మూడు లాట్లు క్వాలిటీ దగ్గర ఆగాయి. క్వాలిటీ ఓకే అనకుండా నేను జీఆర్ఎన్ వేయను. నా ఎంట్రీ పడ్డాక సరుకు బాగోలేకపోతే నా మీదికి వస్తుంది."

పాత కాగితాల రోజుల్లో వరుస అదే, ముందు క్వాలిటీ, తర్వాత ఎంట్రీ. కొత్త సాఫ్ట్‌వేర్‌లో సరుకు దిగగానే ఎంట్రీ వేయాలి. అది క్వాలిటీ తనిఖీ స్టాకులో కూర్చుంటుంది, ఓకే అయ్యాకే వాడకానికి వస్తుంది. అలా వేస్తే పర్చేజ్ వాళ్లకు సరుకు వచ్చిందని కనబడుతుంది, రెండోసారి ఆర్డరు పోదు. ట్రైనింగ్ ఇచ్చినవాళ్లు ఏ బటన్ నొక్కాలో చెప్పారు, ఆ ఎంట్రీకి అర్థం మారిందని చెప్పలేదు. ఎదురెదురుగా కూర్చున్నప్పుడు ఆయన నోటి నుంచి రాని మాట, ఇంటికెళ్లి నిదానంగా చదువుకున్నాక వచ్చింది.

దాంతో పనుల జాబితా మారింది. పాతవి చెరపలేదు, కొట్టివేసి పక్కన తేదీ వేశాను.

మధ్యాహ్నం మూడులోపు గేటు దాటిన సరుకుకు అదే రోజు ఎంట్రీ, ఆ తర్వాత వచ్చినదానికి మర్నాడు పదకొండులోగా: ఇది ఆయన పని. లెక్క మొదలయ్యేది గేటు రిజిస్టరులోని టైము నుంచి. ఇది రాయకపోతే నెలాఖరున ఎవరి గడియారం వాళ్లదే. జీఆర్ఎన్ అంటే అందిన సంఖ్యకే సాక్ష్యం, నాణ్యత బాధ్యత క్వాలిటీదే అని సంతకంతో లెటర్ ఇవ్వడం నా పని, సోమవారంలోగా. మూడు నుంచి అయిదు దాకా హెల్పర్‌ను కదపకుండా చూడటమూ నాదే. కోడ్ లేని ఐటమ్ వస్తే ఆయన పర్చేజ్‌కు మెసేజ్ పెడతారు, కోడ్ వచ్చేదాకా ఆయన గడువు ఆగుతుంది. రెండు వారాల తర్వాత గేటు రిజిస్టరు, జీఆర్ఎన్ రిపోర్టు పక్కపక్కన పెట్టుకుని పావుగంట చూడాలి.

పనులన్నీ ఒకవైపే ఉంటే అది ఒప్పందం కాదు, ఆజ్ఞ. నోట్స్ రాసేవాళ్లు పంపేముందు పేర్ల వరుస ఒకసారి చూసుకోండి. అంతా ఒకే పేరుంటే మళ్లీ రాయండి.

రెండు వారాలకు చూశాం. లెటర్ చేతికొచ్చాక ఎంట్రీలు వేళకు పడుతున్నాయి, హెల్పర్ అక్కడే ఉంటున్నాడు. కోడ్‌ల విషయంలో పర్చేజ్ ఇంకా నత్తనడకే. ఆ వరుస ఎదురుగా "కాలేదు" అని రాసి, పర్చేజ్ మేనేజర్ పేరు, కొత్త తేదీ చేర్చాం. అన్న ఆ కాపీ మడిచి జేబులో పెట్టుకుని, "ఈసారి ఆయన్ని కూడా పిలవండి సార్" అన్నారు. పిలిచాను. హెచ్ఆర్ మాత్రం సంతకం గీత ఉన్న పాత నమూనా మళ్లీ మెయిల్ చేసింది, నేనింకా జవాబివ్వలేదు.