దూలానికి అతుకు వేసి వంకర రాకుండా తిన్నగా కూర్చిన పని: నా అనుభవం

షెడ్డుకి కావలసిన పొడవులో దూలం దొరకలేదు. ఉన్న రెండు ముక్కలనే, చివర్లని వాలుగా కోసి ఒకదాని మీద ఒకటి కూర్చే స్కార్ఫ్ అతుకుతో కలిపాను. దూలం లోతు 150 మి.మీ., అతుకు పొడవు దానికి నాలుగింతలు, అంటే 600 మి.మీ. ఇలాంటి అతుకుకి వంపు తట్టుకునే బలం నిండు దూలంలో సగం కూడా ఉండదు. అందుకే దాన్ని రెండు స్తంభాల నడిమధ్యకి రానివ్వకుండా ఒక స్తంభానికి దగ్గరగా పెట్టుకున్నాను.

అతుకు రెండు చివర్లలో 30 మి.మీ. నిలువు ముక్కు, మధ్యలో 30 మి.మీ. మెట్టు, వాటిని కలుపుతూ రెండు వాలులు. రెండు ముక్కల మెట్లు ఎదురెదురుగా నిలిచే చోట ఒక చదరపు కన్నం మిగులుతుంది. అందులోకి చెరో పక్క నుంచి ఒక్కో వెడ్జ్, అంటే ఒక చివరకి సన్నబడే చెక్క ముక్క, కొడితే రెండు ముక్కలూ లోపలికి లాక్కుంటాయి, ముక్కులు బిగుసుకుంటాయి. గీతలన్నీ రెండు ముక్కల మీదా ఒకే వైపు నుంచి మూలమట్టం పెట్టి గీశాను. రంపం గీతకి బయటే నడిపి, మిగిలింది ఉలితో, చిత్రికతో తీశాను.

అసలు టెన్షన్ ఇక్కడే. ముక్కు ఒక పక్క తగిలి మరో పక్క తగలకపోతే, వెడ్జ్ కొట్టిన కొద్దీ దూలం పక్కకి తిరుగుతుంది. కంటికి కనిపించేలోపే ఆలస్యమవుతుంది కాబట్టి, దూలం పక్క తలానికి రెండు చివర్లలో ఒకే మందం చెక్క బిళ్లలు పెట్టి దారం లాగాను. అదే మందం మూడో బిళ్లని అతుకు దగ్గర దూర్చి చూస్తే వంపు ఎటో తెలిసిపోతుంది. పైతలానికి మాత్రం దారాన్ని నమ్మలేదు, అది మధ్యలో వేలాడుతుంది. అక్కడ తిన్నని అంచున్న పొడవైన స్ట్రెయిట్‌ఎడ్జ్ వాడాను.

మొదటిసారి కూర్చినప్పుడు ఒక ముక్కులో కాగితం దూరింది. అప్పుడు ఉలి ముట్టుకోలేదు. దూలాన్ని దారానికి సరిచేసి, క్లాంపులు బిగించి, రెండు ముక్కుల కీళ్లలోనూ సన్న రంపాన్ని పూర్తిగా నడిపాను. రంపం రెండు ముఖాలనీ ఒకేసారి కోస్తుంది కాబట్టి అవి ఒకదానికొకటి సమానంగా వస్తాయి. ముక్కలు బ్లేడు మందం మేర దగ్గరకి జరుగుతాయి, ఆ తేడాని వెడ్జ్ ఇంకాస్త లోపలికి వెళ్లి సర్దుకుంటుంది. వాలు తలాలు మాత్రం కొద్దిగా ఒరుసుకున్నాయి. చిత్రిక ఒకసారి పట్టాక సరిపోయాయి.

వెడ్జ్‌లని చెరో దెబ్బ చొప్పున కొడుతూ, ప్రతి రెండు దెబ్బలకీ బిళ్ల దూర్చి చూశాను. గట్టి శబ్దం రాగానే ఆపాలి. అంతకు మించి కొడితే మెట్టు పోగు వెంట చీలిపోతుంది. ఆ తర్వాతే, క్లాంపులు తీయకుండా, 12 మి.మీ. బోల్ట్‌లకి పైనుంచి కిందికి రంధ్రాలు వేశాను. మెట్టుకి చెరో వైపు ఒక్కో బోల్ట్, పెద్ద వాషర్లతో. ముందే రంధ్రాలు వేసి ఉంటే దూలం వాటి మాట వినేది, దారం మాట కాదు. బోల్ట్‌లని కూడా ఒకదాని తర్వాత ఒకటి కొంచెం కొంచెంగా బిగించాను. చెక్క పూర్తిగా ఎండలేదు కాబట్టి కొన్ని నెలలకి వాషర్ల కింద వదులైంది. నట్టు తిప్పి, వెడ్జ్‌లకి చెరో దెబ్బ వేశాను.