కాల్‌లో యంత్ర దుబాసీ: నా అనుభవం

పాత ఆఫ్‌సెట్ ముద్రణ యంత్రానికి ఇంకు రోలర్లు అవసరమై, వాటిని అమ్మే ఒక జపనీస్ వ్యాపారితో నేను నేరుగా మాట్లాడవలసి వచ్చింది. ఆయనకు జపనీస్ తప్ప మరో భాష రాదు, నాకు జపనీస్‌లో ఒక్క ముక్క రాదు. రోలరు ఎంత అరిగింది, ఎప్పటికి పంపగలరు, రవాణా ఖర్చు ఎవరిది అన్న విషయాలు ఈమెయిళ్ళలో తేలక, కాల్ జరుగుతుండగానే మాటలను అనువదించే సౌకర్యాన్ని ఆశ్రయించాను. ఈ ఆలోచన కొత్తదేమీ కాదు. స్కైప్ 2014 చివరలోనే ఇంగ్లీషు, స్పానిష్ భాషల మధ్య దీన్ని ప్రయోగాత్మకంగా తెచ్చింది. 2024లో గెలాక్సీ ఎస్24తో మామూలు ఫోన్ కాల్‌లోకీ, ఆ మరుసటి ఏడాది ఐఫోన్, పిక్సెల్ ఫోన్లలోకీ వచ్చింది.

నేను వాడిన సౌకర్యంలో కాల్ అనువాదానికి తెలుగు లేదు కనుక నా వైపు ఇంగ్లీషును ఎంచుకున్నాను. రెండు భాషల ఫైళ్ళనూ ముందే ఫోన్‌లోకి దించుకోవాలి. స్పీకరు ఆపి ఇయర్‌ఫోన్లు పెట్టుకోవడం కూడా తప్పనిసరి అని చెప్పవచ్చు, ఎందుకంటే స్పీకరులో వినిపించే అనువాద స్వరాన్ని మైకు పట్టుకుంటే, యంత్రం దాన్నే నా మాటగా భావించి మళ్ళీ అనువదించే ప్రమాదం ఉంది. కాల్ కలవగానే, ఈ సంభాషణ అనువాదమవుతోందని అవతలి వ్యక్తికి ఆయన భాషలోనే ఒక ప్రకటన వినిపిస్తుంది. ఆ ప్రకటన పూర్తయ్యేదాకా నేను నోరు విప్పలేదు.

లోపల జరిగేది స్థూలంగా మూడు పనులు. విన్న మాటను అక్షరాల్లోకి మార్చడం, ఆ అక్షరాలను రెండో భాషలోకి అనువదించడం, అనువాదాన్ని స్వరంగా పలకడం. నన్ను ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఈ మూడింటిలో ఏదీ కాదు, వీటన్నిటికంటే ముందు జరిగే నాలుగో పని: మాట్లాడేవారి వాక్యం ఎక్కడ ముగిసిందో నిర్ణయించడం. యంత్రానికి దీనికి ఉన్న ముఖ్యమైన ఆధారం మౌనం. మాట ఆగి దాదాపు ఒక సెకను గడిస్తే, వాక్యం పూర్తయిందనుకుని అంతవరకు విన్నదాన్ని అనువాదానికి పంపేస్తుంది. ఇంకా ఎక్కువసేపు ఆగేలా దాన్ని తయారు చేయవచ్చు కానీ, అప్పుడు ప్రతి జవాబూ అంత ఆలస్యమై సంభాషణ సాగదు.

జపనీస్‌లో క్రియ తెలుగులో లాగే వాక్యం చివర వస్తుంది, కాదనడం కూడా ఆ క్రియతోనే వస్తుంది. ఆ రోలర్లు శుక్రవారం లోపల బయలుదేరతాయా అని నేను అడిగినప్పుడు ఆయన, మన వాక్యక్రమంలో చెప్పాలంటే, "శుక్రవారం లోపల ఆ రోలర్లను పంపడం" అని కాసేపు ఆగి, "మావల్ల కాదు" అని ముగించారు. ఆ విరామం దగ్గర యంత్రం వాక్యాన్ని తెంచేసింది. మొదటి ముక్కలో క్రియ లేకపోయినా ఇంగ్లీషు వాక్యానికి క్రియ కావాలి కాబట్టి, రోలర్లను శుక్రవారంలోగా పంపుతామన్న నిండు వాక్యం నా చెవిన పడింది. ఆ వెనుకనే, ఏది కాదో తెలియని "కాదు" విడిగా వినిపించింది. రెండో ముక్క మీద శ్రద్ధ పెట్టకుండా నేను కృతజ్ఞతలు చెప్పి ఉంటే, లేని ఒప్పందం ఉన్నట్టే మిగిలిపోయేది. వాక్యం తెగిందనడానికి గుర్తు ఇదే: నిండు వాక్యం తరువాత కర్తా కర్మా లేని ఒక చిన్న ముక్క విడిగా రావడం. తెర మీద అక్షరాల్లో కనిపించే అనువాదంలో ఇది చెవికి తెలిసినదానికంటే స్పష్టంగా పట్టుబడుతుంది. అటువంటి ముక్క కనిపించగానే ముందు విన్న వాక్యాన్ని పక్కన పెట్టి, ప్రశ్నను మార్చి అడిగాను: "రోలర్లు శుక్రవారానికి ముందు బయలుదేరతాయా, తరువాత బయలుదేరతాయా?" "తరువాత, వచ్చే బుధవారం" అన్న జవాబు ఒకే ముక్కగా వచ్చింది.

అవును, కాదు అని జవాబు వచ్చే ప్రశ్నలను నేను మానేయడానికి మరో కారణం కూడా ఉంది. జపనీస్ మాట్లాడేవారు అవతలివారు చెబుతుండగానే వింటున్నామని తెలియజేస్తూ మధ్యమధ్య ఊకొడతారు, మనమూ అంతే. మనుషులకు అది సమ్మతి కాదని తెలుసు, కానీ యంత్రం దాన్ని ఒక పూర్తి జవాబుగా తీసుకుని, సమ్మతిని సూచించే స్వరంతో చెబుతుంది. నేను ధర గురించి మాట్లాడుతుండగా వచ్చిన "అవును"లు చాలావరకు ఇలాంటివే. పైగా ఆ చిన్న శబ్దం నా వాక్యాన్ని మధ్యలో ఆపేసేది కూడా. నా ఊకొట్టడాన్ని పూర్తిగా అణచుకోవడం అన్నిటికంటే కష్టమైంది, దశాబ్దాల అలవాటు మరి.

కర్తను వదిలేయడంలోనూ ఆ భాష మన భాషను పోలి ఉంటుంది. "రవాణా ఖర్చు భరించాలి" అంటే ఎవరు భరించాలో సందర్భమే చెబుతుంది. ఇంగ్లీషులో ఆ ఖాళీ నింపక తప్పదు కనుక, యంత్రం ఒకసారి "మేము" అని, మరోసారి "మీరు" అని నింపింది. రెండు వాక్యాలూ వ్యాకరణపరంగా నిర్దుష్టంగా, ఒకే ధీమాతో వినిపించాయి. అనుమానం కలిగేలా తడబాటు ఏదీ లేకపోవడమే ఇక్కడ అసలు చిక్కు. డబ్బు, బాధ్యత ప్రస్తావన వచ్చిన ప్రతిచోటా, "రవాణా ఖర్చు అమ్మేవారిదా, కొనేవారిదా" అంటూ సర్వనామాలు లేని ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాక ఈ గందరగోళం చాలావరకు తగ్గింది. ఖర్చు కొనేవారిదని తేలింది.

రోలర్ల మోడల్ సంఖ్యల విషయంలో మాత్రం ప్రశ్నలు ఎలా మార్చినా ఫలితం లేదు. పాత తరహా ఫోన్ కాల్‌లో 300 నుంచి 3,400 హెర్ట్జ్ వరకే ధ్వని చేరుతుంది, కొన్ని హల్లులను వేరుచేసే సూక్ష్మ ధ్వనులు అంతకు పైన ఉంటాయి. మామూలు మాటల్లో ఆ లోటును పక్క పదాల ఆధారంతో యంత్రం పూడ్చుకుంటుంది, కానీ అక్షరాలూ అంకెలూ కలిసిన మోడల్ సంఖ్యలో ఒకదాన్ని బట్టి మరొకదాన్ని ఊహించే వీలు లేదు. బి, డి వంటి అక్షరాలు తారుమారవుతున్నాయని గ్రహించి, సంఖ్యలన్నిటినీ సందేశంలో రాసి పంపి, కాల్‌లో "మొదటి వరుస", "రెండో వరుస" అని మాత్రమే ప్రస్తావించాం.

ధర, తేదీ, రవాణా ఇలా తేలాక, రోలరు లోపభూయిష్ఠంగా ఉంటే తిరిగి తీసుకునే షరతుల చర్చను యంత్రానికి వదలలేదు. దాని కోసం ఒక వృత్తి దుబాసీని మూడో వ్యక్తిగా కాల్‌లోకి తీసుకున్నాం. నా వాక్యంలోని "అరుగుదల" ఉపరితలానిదా, లోపలి ఇరుసుదా అని ఆమె అనువదించే ముందు నన్ను ఆపి అడిగారు. యంత్రం ఆ కాల్స్‌లో ఒక్కసారి కూడా నన్ను అలా ఆపి అడగలేదు. అర్థం కానిచోట కూడా ఏదో ఒక నిండు వాక్యం చెప్పి ముందుకు సాగింది. షరతులు తేలాక వాటిని రెండు భాషల్లో పక్కపక్కన రాసి, మోడల్ సంఖ్యల సందేశంతో జతచేసి ఆయనకు పంపాను. ఆయన వ్రాతపూర్వకంగా అంగీకరించిన తరువాతే డబ్బు చెల్లించాను.