పదిహేడో పేజీలో దాక్కున్న షరతు

ముప్పై పేజీల అద్దె అగ్రిమెంట్ మొత్తం ఏఐకి ఇచ్చి, ఖాళీ చేయాలంటే ఎన్ని నెలల ముందు చెప్పాలని అడిగాను. ఒక నెల అంది. రెండో పేజీలో ఉన్న మామూలు నియమం అదే. కానీ మొదటి ఏడాదిలోపు వెళ్తే మూడు నెలలని పదిహేడో పేజీలో ఉంది. ఆ పేరా ఒక్కటే కత్తిరించి పైన పెట్టి, అదే ప్రశ్న మళ్లీ అడిగాను. ఈసారి సరిగ్గా చెప్పింది. అంటే అర్థం కాక కాదు, ఉన్న చోటే సమస్య.

2023లో స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు ఇదే పరీక్షించారు. ఇచ్చిన చాలా పత్రాల్లో జవాబున్నదాన్ని మొదట్లోనో చివర్లోనో పెడితే ఏఐ మోడళ్లు బాగా పట్టుకున్నాయి, మధ్యలో పెడితే తడబడ్డాయి. ఒక మోడల్ అయితే అసలు పత్రాలే ఇవ్వనప్పటి కంటే ఘోరంగా చెప్పింది!

ఇప్పుడు నేను పత్రాన్ని ముందు పెట్టి, ప్రశ్నను చివర్లో రాస్తున్నాను. తప్పకూడని షరతులుంటే ప్రశ్నకు సరిగ్గా పైన మళ్లీ రాస్తాను. ముందు సంబంధిత వాక్యాలన్నీ ఉన్నవున్నట్టు ఎత్తి రాసి, తర్వాతే జవాబు చెప్పమంటాను. కొత్త మోడళ్లు ఒక్క వాక్యాన్ని బాగానే వెతుకుతున్నాయి. ఇలా రెండు చోట్ల ఉన్నవి కలిపి చూడాల్సి వస్తేనే నాకింకా అనుమానం.