గుడ్డు లేని కేకు: పెరటాసి నుంచి కార్తీకం దాకా

పెరటాసి మొదటి శనివారం

తిరుపతిలో పెరటాసి నెల వస్తే చాలా ఇళ్లలో గుడ్డు, మాంసం ఆగిపోతాయి. మా ఇంట్లో అత్తమ్మకైతే ఏడాది పొడుగునా గుడ్డు పడదు. కార్తీకంలో ఆమెకు 70 నిండుతాయి. ఆ రోజుకి ఆమె కూడా తినగలిగే మంచి వెనిలా కేకు చేయాలని ఈ ప్రయోగాలు మొదలుపెట్టాను. ఎప్పుడు ఏం వేశాను, ఏమైంది అన్నది వెంటనే రాసి పెట్టుకుంటున్నాను.

ఈ రోజు నా పాత కేకు పద్ధతే తీసుకుని, అందులోని రెండు గుడ్ల బదులు అవిసె గింజల పొడి వేశాను. ఒక గుడ్డుకి ఒక టేబుల్ స్పూన్ పొడి, మూడు టేబుల్ స్పూన్ల నీళ్లు. కలిపి పది నిమిషాలు పక్కన పెడితే బెండకాయ జిగురులాగా సాగుతుంది. చూడటానికి గిలక్కొట్టిన గుడ్డులాగే ఉంది కాబట్టి అంతా సరిగ్గా వస్తుందనుకున్నాను. కానీ కేకు సగం ఎత్తే లేచింది. లోపల దట్టంగా, గోధుమరంగు చుక్కలతో ఉంది. వెనిలా వాసన మీద గింజల వాసన గెలిచింది.

రాత్రి కూర్చుని ఆలోచిస్తే కారణం అర్థమైంది. కేకులో గుడ్డు చేసే పని ఒకటి కాదు. పిండిని పట్టి ఉంచుతుంది, గిలక్కొడితే గాలిని పట్టుకుంటుంది, వేడికి గట్టిపడి ఆ గాలి గదుల్ని కూలిపోకుండా నిలబెడుతుంది, పచ్చసొన నూనెనీ నీళ్లనీ కలిపి ఉంచుతుంది. అవిసె జిగురు ఇందులో మొదటి పని మాత్రమే బాగా చేస్తుంది. పిండిని లేపే శక్తి దానికి లేదు. అందుకే ఇక మీద ఏ వంటకంలోనైనా గుడ్డు అక్కడ ఏ పనికి ఉందో ముందు చూసి, ఆ తర్వాతే బదులు ఏం వేయాలో ఎంచుకుంటాను.

మరుసటి మంగళవారం

అదే అవిసె జిగురుతో గోధుమపిండి, బెల్లం కుకీలు చేశాను. చిత్తూరు బెల్లం తురుము, వెన్న, ఒక గుడ్డుకి సరిపడా జిగురు. చాలా బాగా వచ్చాయి. కుకీ పెద్దగా లేవనక్కర్లేదు, విరిగిపోకుండా ఉంటే చాలు. గోధుమరంగు పిండిలో చుక్కలు కనపడవు, గింజల రుచి బెల్లంతో కలిసిపోతుంది. బ్రౌనీకి కూడా ఇదే సరైనదని తర్వాత చేసి చూసుకున్నాను. బ్రౌనీ దట్టంగా, కొరికితే కొంచెం సాగేలా ఉండాలి, అవిసె ఇచ్చేదే అది.

ఒక జాగ్రత్త: గింజల్ని అలాగే నానబెడితే పిండిని పట్టుకునేంత జిగురు రాదు, మిక్సీలో మెత్తగా పొడి చేయాలి. పొడి చేశాక బయట ఉంచితే నూనె పాడై చేదు వాసన పడుతుంది. నేను రెండు వారాలకు సరిపడా మాత్రమే పొడి చేసి ఫ్రిజ్‌లో పెడుతున్నాను.

పెరటాసి మూడో శనివారం

పెరుగు కేకు. ఎక్కువ రోజులు దీని మీదే పెట్టాను, మూడుసార్లు చేశాక కుదిరింది.

కొలతలు ఇవి: మైదా 190 గ్రాములు, పెరుగు 240 గ్రాములు, చక్కెర పొడి 150 గ్రాములు, వాసన లేని నూనె అర కప్పు, అంటే 120 మిల్లీలీటర్లు. వంట సోడా అర టీస్పూను, బేకింగ్ పౌడర్ ఒకటింపావు టీస్పూను, వెనిలా ఒక టీస్పూను. ముందు పెరుగులో చక్కెర పూర్తిగా కరిగేదాకా కలపాలి. తర్వాత సోడా, బేకింగ్ పౌడర్ వేసి కలిపి ఐదు నిమిషాలు కదపకుండా ఉంచాలి. పెరుగులోని పులుపు సోడాతో కలిసి గ్యాస్ పుడుతుంది, పైన చిన్న చిన్న బుడగలు వచ్చి పెరుగు ఉబ్బుతుంది. ఆ నురుగే ఇక్కడ గుడ్డుకి బదులు పిండిని లేపేది. తర్వాత నూనె, వెనిలా, చివర జల్లించిన మైదా మూడు విడతలుగా.

మొదటిసారి పిండి గిన్నెలో పోసి ఓవెన్‌లో పెట్టే వేళకి కరెంటు పోయింది. వచ్చేసరికి నలభై నిమిషాలు. అప్పటికి పిండి మీద బుడగలు పగిలి, ఉబ్బిన పిండి దిగిపోయింది. అయినా కాల్చాను, ఒకటిన్నర అంగుళం ఎత్తు దాటలేదు. గుడ్డు నురుగులాగా పెరుగు నురుగు ఆగదు. ఓవెన్ వేడెక్కాకే సోడా కలపాలి, మైదా కలిపిన వెంటనే లోపల పెట్టేయాలి. ఇప్పుడు ముందు 180 డిగ్రీల దగ్గర పదిహేను నిమిషాలు ఓవెన్ వేడి చేసి, గిన్నెకి నూనె రాసి మైదా చల్లి సిద్ధంగా పెట్టుకున్నాకే పెరుగు ముట్టుకుంటున్నాను.

రెండోసారి బాగా లేచింది. కోస్తే అడుగున వేలు మందం జిగట పొర ఉంది. అత్తమ్మ ఒక ముక్క నోట్లో వేసుకుని, "పైన బాగుండాది, అడుగునే హల్వా మాదిరి ఉండాది" అంది. ఆ మాటే నాకు దారి చూపింది. రెండు తప్పులు చేశాను. ఒకటి, పెరుగు మీద తేరిన నీళ్లతో సహా కప్పుతో కొలిచాను. రెండు, మైదా వేశాక కూడా బీటర్ తిప్పుతూనే ఉన్నాను. మైదాని అలా ఎక్కువ కలిపితే చపాతీ పిండిలాగా సాగుడు వచ్చి, గ్యాస్ పైకి రాలేక అడుగున పిండి ముద్దగా మిగులుతుంది.

మూడోసారి తేరిన నీళ్లు వంచేసి పెరుగు తూకం వేసి తీసుకున్నాను. మైదా వేశాక గరిటెతో కింద నుంచి పైకి తిప్పుతూ పొడి కనపడనంత వరకే కలిపాను. ఏడు అంగుళాల గిన్నె, ఓవెన్‌లో మధ్య అర మీద, ముప్పై ఎనిమిది నిమిషాలు. వేలితో నొక్కితే మళ్లీ పైకి లేచింది, పుల్ల గుచ్చితే తడి అంటలేదు. లోపల సన్నటి రంధ్రాలు, అడుగు దాకా ఒకే రకంగా ఉంది. గుడ్డు లేని కేకు వేడి మీద త్వరగా విరుగుతుంది, కనుక రెండు గంటలు చల్లారాకే కోశాను.

ఇంకొక్క మాట పెరుగు గురించి. మా ఊరి ఎండకి ఉదయం తోడు పెట్టిన పెరుగు సాయంత్రానికే పులుస్తుంది. నాకు కేకుకి కొంచెం పుల్లటి పెరుగే బాగా పనిచేసింది, సోడాకి పులుపు కావాలి కాబట్టి. మరీ కమ్మటి పెరుగైతే ఐదు నిమిషాలకీ బుడగలు సరిగా రావు. అప్పుడు ఒక టీస్పూను నిమ్మరసం వేశాను. సోడా పెంచడం మాత్రం వద్దు. పులుపుకి మించి సోడా పడితే కేకు లోపల పసుపు-గోధుమ రంగుకి తిరిగి, నాలుక మీద సబ్బు రుచి వస్తుంది.

ఐప్పసి నెల మొదటి వారం

కండెన్స్‌డ్ మిల్క్. అర టిన్ను, 200 గ్రాములు, 125 గ్రాముల మైదా, 60 గ్రాముల కరిగించిన వెన్న, ఒక టీస్పూను బేకింగ్ పౌడర్, అర టీస్పూను సోడా, ఒక టీస్పూను వెనిగర్, జారుగా రావడానికి 75 మిల్లీలీటర్ల నీళ్లు. చక్కెర విడిగా వేయలేదు, పాలలోనే సగానికి పైగా చక్కెర ఉంటుంది.

మొదటిసారి పెరుగు కేకులాగే 180 దగ్గర పెడితే ఇరవై నిమిషాలకే పైన నల్లబడింది, లోపల ఇంకా పచ్చిగా ఉంది. పాల ప్రోటీనూ చక్కెరా వేడికి కలిసి త్వరగా రంగు తిరుగుతాయి. 160కి తగ్గించి, సగం కాలాక పైన అల్యూమినియం రేకు కప్పితే సమంగా కాలింది. పెరుగు కేకు కంటే ఇది బరువైనది, మెత్తనిది, మర్నాటికి ఇంకా బాగుంటుంది. క్రీమ్ పూసి అలంకరించే కేకుకి, దూరం తీసుకెళ్లే కేకుకి ఇదే నా ఎంపిక. ఇది ఖరీదు. పైగా తీపి తగ్గించుకునే వీలు లేదు.

కార్తీకం, వాన

కాబూలీ శనగలు ఉడికించిన నీళ్లు, అక్వాఫాబా. గుడ్డు తెల్లసొన నురుగు కావాల్సిన చోట, నేను ప్రయత్నించిన వాటిలో ఇది ఒక్కటే పనికొచ్చింది. ఫ్రాన్స్‌లో జోయెల్ రోసెల్ అనే ఆయన 2014లో ఇలాంటి నీళ్లని గిలక్కొడితే నురుగు వస్తుందని చూపించాడు, మరుసటి ఏడాది ఆ లాటిన్ పేరు పెట్టారు. మన దగ్గర టిన్ను శనగలు తేలిగ్గా దొరకవు కాబట్టి ఇంట్లోనే చేశాను. ఒక కప్పు శనగలు రాత్రి నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి, మూడు కప్పుల కొత్త నీళ్లతో ఉప్పు లేకుండా కుక్కర్లో ఉడికించాను. శనగలతో పాటే చల్లారనిచ్చి వడకట్టాను. పల్చగా ఉన్న ఆ నీళ్లని సన్న మంట మీద సగానికి మరిగించి ఫ్రిజ్‌లో పెడితే జెల్లీలాగా కొంచెం కట్టింది. అంత చిక్కదనం వచ్చాకే నురుగు నిలిచింది. ఒక తెల్లసొనకి రెండు టేబుల్ స్పూన్లు లెక్క.

గిన్నెకి నూనె అంటితే నురుగు సరిగా రాదు. వెనిగర్‌తో తుడిచిన స్టీలు గిన్నెలో నాలుగు చుక్కల నిమ్మరసం వేసి పది నిమిషాలు బీటర్ తిప్పితే గిన్నె తలకిందులు చేసినా జారని నురుగు వచ్చింది. శనగ వాసన చక్కెర వేశాక చాలా తగ్గింది, కాల్చాక పూర్తిగా పోయింది.

మెరింగులు 100 డిగ్రీల దగ్గర గంటన్నర ఆరబెట్టాను. కరకరలాడాయి. బయట ముసురు వాన. ప్లేటులో పెట్టి వంటిల్లు సర్దుకుని వచ్చేసరికి అన్నీ జిగటగా ప్లేటుకి అంటుకుపోయాయి. చక్కెర గాలిలో తేమ లాగేస్తుంది. మళ్లీ చేసినప్పుడు ఓవెన్ ఆపి, తలుపు తీయకుండా లోపలే చల్లారనిచ్చి, నేరుగా గట్టి మూత డబ్బాలోకి పెట్టాను. మూడు రోజులు నిలిచాయి.

దీని మీద ఆశపడి నురుగుతో స్పాంజి కేకు కూడా ప్రయత్నించాను. ఓవెన్‌లో ఎత్తుగా లేచి, బయటికి తీశాక మధ్యలో కుంగింది. గుడ్డు తెల్లసొన వేడికి గట్టిపడినట్టు శనగ నురుగు గట్టిపడదు, ఆరుతుంది అంతే. గుడ్ల మీదే నిలబడే స్పాంజీలకి, ముఖ్యంగా మూడు నాలుగు గుడ్లు పడే వాటికి, నా దగ్గరున్న ఈ నాలుగింటిలో ఏదీ సరిపోలేదు. అలాంటి వంటకాన్ని మార్చే కంటే మొదటి నుంచీ గుడ్డు లేకుండా రాసిన కొలత తీసుకోవడమే మేలనిపించింది.

పుట్టినరోజు

అత్తమ్మకి క్రీమ్ పడదు, తీపి తక్కువ కావాలి. అందుకే పెరుగు కేకే చేశాను. చక్కెర 150 నుంచి 130కి తగ్గించాను, అంతకంటే తగ్గిస్తే కేకు పొడిబారుతుందని ముందు వారం చూసుకున్నాను. యాలకుల పొడి పావు టీస్పూను. ముందు రోజు సాయంత్రమే కాల్చి, చల్లారాక గుడ్డ కప్పి ఉంచాను.

కోసిన మొదటి ముక్కని ఆమె తిప్పి అడుగు చూసింది. "ఈసారి హల్వా లేదే" అని నవ్వి, రెండో ముక్క అడిగింది.

మిగిలిన అర టిన్ను పాలు గాజు సీసాలోకి మార్చి ఫ్రిజ్‌లో పెట్టాను. ఆదివారం పాప స్నేహితులు వస్తారు, వాళ్లకి క్రీమ్ కేకు.